పథ్యం కేకు

నాకు రోత తొందరగా పుడుతుంది. ఎవరో తాగిన గ్లాసు అంచున పెదాల మరక కనబడితే నాకిక దాహం తీరిపోయినట్టే. బస్సులో ముందు సీటు మీద తలనూనె జిడ్డు ఉంటే ముఖం కిటికీ వైపు తిప్పేసుకుంటాను. బరంపురంలో ఒక ఒడియా మీడియం బడిలో ఇరవై రెండేళ్లుగా లెక్కలు చెబుతున్నాను. పిల్లలు పలక మీద ఉమ్మేసి చేత్తో తుడుస్తుంటే ఇప్పటికీ బోర్డు వైపు తిరిగిపోతాను. లెక్కలంటే ఇష్టపడటానికి సగం కారణం అదేనేమో. అంకెలకు వాసన ఉండదు.

మా చెల్లెలు నాకంటే తొమ్మిదేళ్లు చిన్నది. బ్యాంకులో పనిచేస్తుంది. అమ్మానాన్నలు పోయాక ఊరి శివారు హల్దియాపదర్ ఇంట్లో మేమిద్దరమే. పోయిన ఏడు దానికి కడుపునొప్పి అని మొదలై, జ్వరం ముదిరి, ఒకరోజు స్పృహ తప్పింది. పేగుకు చిల్లు పడిందన్నారు. ఆ సాయంత్రమే కోసేశారు. బతికింది. బతికించడానికి పేగు కొసను పొట్ట మీదికి తెచ్చి కుట్టారు. దాని మీద ఒక సంచి అంటించారు. కిందికి పోవలసినదంతా అందులోకి వస్తుంది.

"ఇది శాశ్వతం కాదమ్మా," అన్నాడు పెద్ద డాక్టరు ఒడియాలో. "పేగును మళ్లీ లోపలికి కలిపేస్తాం. కానీ ఈ ఒంటితో ఇంకో ఆపరేషన్ తట్టుకోలేదు. ఇప్పుడు ముప్ఫై ఎనిమిది కిలోలుంది. నలభై రెండు దాటనివ్వండి, రక్తం పుంజుకోనివ్వండి. ఆరు వారాల తర్వాత తీసుకురండి."

అంటే నాలుగు కిలోలు. అవి పెరిగితే సంచి పోతుంది, పెరగకపోతే ఉంటుంది. మా ఇంట్లో ఆ ఆరు వారాలూ ఇంకో మాట లేదు.

ఆ సంచి గురించి ఇక్కడే చెప్పేయాలి. రోజుకు అయిదారుసార్లు ఖాళీ చేయాలి. మూడు నాలుగు రోజులకోసారి మొత్తం ఊడదీసి, చర్మం కడిగి ఆరబెట్టి, కొత్తది అంటించాలి. చెల్లెలు దానివైపు చూడలేక కళ్లు మూసేసుకునేది. ఆసుపత్రిలో నర్సు నన్ను పక్కన నిలబెట్టి నేర్పబోయింది. అంటించినది ఊడదీయగానే ఎర్రగా, తడిగా, పెదవిలా కనబడింది పేగు. ఆ వెంటనే వాసన. నేను వరండాలోకి పరుగెత్తి గోడ పట్టుకుని కక్కుకున్నాను. తిరిగి వచ్చేసరికి నర్సు పని ముగించేసింది. చెల్లెలు గోడవైపు తిరిగి పడుకుంది.

అందుకే పాత్రపూర్ దగ్గర పల్లె నుంచి పిన్నిని పిలిపించాను. అమ్మకు చెల్లెలు. అరవై దాటిన మనిషి, పొలం పనికి ఇప్పటికీ వంగుతుంది. వచ్చిన రోజే చీర కుచ్చిళ్లు ఎగదోపి, నర్సు చెప్పింది ఒక్కసారి విని, సంచి మార్చేసింది. ముక్కు చిట్లించలేదు. "పసిగుడ్డుకి కడగనేదేటి మనం? ఇదీ అంతే," అంది.

నేను మాత్రం వంటింటి బల్ల దగ్గర తెల్లకాగితం తీసుకుని కూర్చున్నాను.

ఆసుపత్రిలో ఆహారం గురించి చెప్పే అమ్మాయి ఒకతె ఉంది, పాతికేళ్లుండవు. ఆమె చెప్పింది మా వాళ్లెవరూ నమ్మే మాట కాదు. ఆకుకూరలు వద్దు, పీచు వద్దు, పప్పుగింజలు వద్దు. తెల్లన్నం, గుడ్డు, మైదా రొట్టె, వెన్న మంచివి. కొంచెం తింటే ఎక్కువ బలం రావాలి. చెల్లెలు అన్నం మూడు ముద్దలు తినేసరికి కంచం తోసేసేది. ఏదీ సయించడం లేదు. ఒక్క బటర్ కేకు ముక్క మాత్రం నోట్లో పెట్టుకుని, "ఇది బాగుందక్కా," అంది. నేను ఆ అమ్మాయికి ఫోన్ చేసి అడిగాను. ఇంట్లో చేసిందైతే పెట్టండి, ఒకేసారి కాకుండా ఉదయం ఒక ముక్క, సాయంత్రం ఒక ముక్క అంది. ఎన్ని కేలరీలు పడుతున్నాయో చూసుకోండి అని కూడా అంది. ఆ మాటతో నాకు పని దొరికింది.

మైదా పావుకిలో, చక్కెర పావుకిలో, వెన్న పావుకిలో, నాలుగు గుడ్లు. ఇంత తేలిక లెక్క ఏడో తరగతి వాడికి ఇవ్వొచ్చు. మైదా వంద గ్రాములకు మూడు వందల యాభై కేలరీలు. పావుకిలోకు ఎనిమిది వందల డెబ్బై అయిదు. చక్కెర గ్రాముకు నాలుగు, అంటే వెయ్యి. వెన్న వంద గ్రాములకు ఏడు వందల ఇరవై అని పాకెట్టు వెనకాలే ఉంది, పావుకిలోకు పద్దెనిమిది వందలు. గుడ్డుకు డెబ్బై చొప్పున రెండు వందల ఎనభై. మొత్తం మూడు వేల తొమ్మిది వందల యాభై అయిదు.

కాలాక ఆ కేకును తూచాను. గుడ్డుకు యాభై గ్రాముల చొప్పున కలుపుకుంటే పచ్చిగా తొమ్మిది వందల యాభై గ్రాములు ఉండవలసిన పిండి ఎనిమిది వందల యాభైకి దిగింది. పోయిన వంద నీళ్లు, ఆవిరై పోయాయి. నీళ్లకు కేలరీలు లేవు కనుక మొత్తంలో మార్పు లేదు. కేకును కంటి అంచనాతో కోస్తే చివరి ముక్క చిన్నదీ నడిమి ముక్క పెద్దదీ అవుతుంది. నేను తక్కెడ మీద పెట్టి ఒక్కొక్కటి ఎనభై అయిదు గ్రాములు వచ్చేలా పది ముక్కలు కోశాను. ముక్కకు మూడు వందల తొంభై అయిదు. రోజుకు రెండు ముక్కలు, అంటే ఏడు వందల తొంభై. మిగతా తిండి ఒంటిని నిలబెడితే, ఇది ఒంటిని పెంచాలి. ఒక కిలో పెరగడానికి దాదాపు ఏడు వేల ఏడు వందలు కావాలంటారు. నలభై రెండు రోజుల్లో నాలుగు కిలోల పైచిలుకు. లెక్క సరిగ్గా కుదిరింది. నాకెంత సంతోషమైందంటే ఆ కాగితాన్ని గోడకు అంటించాను.

పరామర్శకు వచ్చేవాళ్లు ఆ సంతోషాన్ని వారం రోజులు కూడా ఉండనివ్వలేదు. మనవాళ్ల పరామర్శ అంత చీదర వ్యవహారం లోకంలో ఇంకోటి లేదు. డజను అరటిపళ్లు పట్టుకొస్తారు. మంచం పక్కన కుర్చీ జరుపుకుని, ఎవరెవరికి కడుపు కోస్తే ఎవరెవరు పోయారో వరసగా చెబుతారు. ముక్కు దగ్గర చెంగు పెట్టుకుంటారు, మళ్లీ అది చెమట తుడుచుకున్నట్టు నటిస్తారు. చెల్లెలు దుప్పటి గుండెల దాకా లాక్కుని నవ్వుతూ ఉంటుంది. ఒకాయన, మాకు వరసకు బాబాయి, గోడ మీద కాగితం చదివి, "మైదా ఇసమే! ఎన్న కొవ్వే! పేగు కోసిన మనిసికి ఇయ్యేటే పెడతన్నారు? గంజి పొయ్యండి," అన్నాడు. అలా అంటూనే బల్ల మీద ఉన్న రెండు ముక్కలూ తినేశాడు. చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అంటారే, ఈయన పెట్టకపోగా రోగి నోటి దగ్గరిది కూడా లాక్కున్నాడు. ఏడు వందల తొంభై కేలరీలు మా సోఫా మీద కూర్చుని మీసాలు తుడుచుకుంటుంటే నాకు ఒళ్లు మండిపోయింది.

ఆ రోజు నుంచి కేకును స్టీలు డబ్బాలో పెట్టి బీరువాలో తాళం వేశాను. వచ్చినవాళ్లకు బిస్కెట్లు. నాకు బడి ఉంటుంది కనుక కేకు చేసే పని పిన్నికి అప్పజెప్పాను. ఓవెన్ మీట ఎలా తిప్పాలో చూపించాను, తక్కెడ చూపించాను, కొలతలు పెద్ద అక్షరాలతో రాసిచ్చాను. పిన్ని మొదట్లోనే గునిసింది.

"కుట్లు ఆరనేదు, అప్పుడే గుడ్లూ ఎన్నా ఏటే? సీము పడితే ఎవలు సూత్తారు? మా అత్త పురిటికి నెల్లాళ్లు కారప్పొడీ అన్నమూ ఎట్టింది, నాను సచ్చిపోనానేటి? లంకణం పరమౌసదం అన్నారు పెద్దలు."

"పిన్నీ, ఇది పురుడు కాదు. డాక్టరు సెప్పినాడు. నాను రాసినట్టే సెయ్యి."

"ఊఁ," అంది.

ఆ 'ఊఁ'ను నేను ఒప్పుకోలు అనుకున్నాను. ఇరవై రెండేళ్లు పిల్లల దగ్గర అలాంటి 'ఊఁ'లు విన్నదాన్ని, దాని అర్థం నాకు తెలిసి ఉండాల్సింది.

అయిదు రోజులకో కేకు. సాయంత్రం బడి నుంచి వచ్చి తూచేదాన్ని. ఎనిమిది వందల యాభై, కొద్దిగా అటూ ఇటూ. కోసేదాన్ని. ఎనభై అయిదు, ఎనభై అయిదు, ఎనభై అయిదు. రంగు లేత పసుపు. చెల్లెలు తిన్న ప్రతి ముక్కకూ కాగితం మీద ఒక గీత. నేను ఒక్క తునక కూడా నోట్లో వేసుకోలేదు, అది దాని సొత్తు. ఆ పక్క గదిలో సంచి మారుస్తున్నప్పుడు మాత్రం నేను పెరట్లోకి వెళ్లి ఆరేసిన బట్టలు మడతపెట్టేదాన్ని. బట్టలు లేని రోజు మొక్కలకు నీళ్లు పోసేదాన్ని. వాన పడుతున్న రోజు కూడా పోశాను.

ఆరు వారాలు గడిచాయి. ఆసుపత్రిలో చెల్లెల్ని బరువు మిషన్ ఎక్కించారు. నలభై ఒకటీ రెండు వందల గ్రాములు.

"ఇంకోసారి సూడండి," అన్నాను. మళ్లీ అదే.

నా లెక్క తప్పు కాదు. కనుక మిషన్ తప్పయి ఉండాలి. దాన్ని రుజువు చేయడానికి చెప్పులు విడిచి నేనే ఎక్కాను. నా బరువు నాకు తెలుసు, అరవై ఒకటి, ఏళ్ల తరబడి అదే. ముల్లు అరవై రెండు దాటి ఆగింది.

"సూశారా, ఎక్కువ సూపిస్తంది," అన్నాను గట్టిగా. అన్నాక అర్థమైంది. మిషన్ ఎక్కువ చూపిస్తోందంటే చెల్లెలు ఇంకా తక్కువుందని. నర్సు నన్ను జాలిగా చూసి, పక్క వార్డులో ఉన్న ఇంకో మిషన్ దగ్గరకు తీసుకెళ్లింది. అక్కడా అవే అంకెలు, చెల్లెలికీ నాకూ.

డాక్టరు రక్తం రిపోర్టు చూశాడు, బరువు చూశాడు. "బాగానే కోలుకుంటోంది. కానీ తొందరపడొద్దు. ఇంకో నెల," అన్నాడు. లెక్క ప్రకారం నలభై రెండు దాటాలండీ అన్నాను. ఒళ్లు లెక్కల పుస్తకం కాదమ్మా అన్నాడు. ఆటోలో చెల్లెలు రెండు చేతులూ పొట్ట మీద సంచి ఉన్నచోట పెట్టుకుని రోడ్డు చూస్తూ కూర్చుంది. ఈ ఆపరేషన్ అయిపోతే నెల రోజుల్లో బ్యాంకుకు వెళ్లిపోవచ్చని అది చీరలు కూడా ఇస్త్రీకి ఇచ్చింది.

దాన్ని పడుకోబెట్టి వంటింట్లోకి వెళ్లాను. ఆ రోజు కేకు చేసే రోజు. పిన్ని గుడ్డు పగలగొట్టి, పెంకు సగాల మధ్య పచ్చసొనను అటూ ఇటూ దొర్లిస్తూ తెల్లసొన గిన్నెలోకి జారుస్తోంది. పచ్చసొనలు వేరే పళ్లెంలో. పొయ్యి మీద మూకుడులో వెన్న కాగుతోంది. బల్ల మీద గ్లాసుడు పాలు, పక్కన పసుపు డబ్బా.

"ఏటిది పిన్నీ?"

"కేకు."

"పచ్చసొన పక్కన ఎందుకు పెట్టినావు?"

"అది నీకు ఏపుతాను. దానికి పెడితే కుట్లు సీము పడతాయి. మొదట్నించీ ఎయ్యనేదు." దాచే ప్రయత్నం కూడా చేయలేదు. దొంగకు తేలు కుట్టినట్టు ఉండాల్సిన మనిషి నా కళ్లలోకి చూస్తూ చెబుతోంది. "ఎన్న సగమే ఎత్తన్నాను. అంత ఎన్న ఆ పేగుకి అరుగుద్దేటి? తూకం తగ్గకుండా పాలు పోత్తన్నాను. సిటికెడు పసుపు ఎత్తన్నాను, పుండు మానుద్దని. మిగిలిన ఎన్న కాసి నెయ్యి సేసి నీ కేరేజీలో పెడతన్నాను. పొద్దుట్నించీ బడిలో అరిసరిసి వత్తావు, నీకు బలం వొద్దేటి? పత్తెం దానికి గానీ నీకు కాదు కదా."

నేను నిలబడ్డచోటే లెక్క వేశాను, ఆపుకోలేకపోయాను. వెన్నలో తొమ్మిది వందలు పోయాయి. తెల్లసొన ఒక్కొక్కటి పదిహేడు మాత్రమే, నాలుగూ కలిపి డెబ్బై, కాబట్టి గుడ్లలో రెండు వందల పది పోయాయి. పాలు తెచ్చిపెట్టింది నూట ముప్ఫై. కేకుకు సుమారు తొమ్మిది వందల ఎనభై తక్కువ. ముక్కకు మూడు వందల తొంభై అయిదు కాదు, మూడు వందలకు కాస్త తక్కువ. రోజుకు దాదాపు రెండు వందల లోటు. నలభై రెండు రోజులకు కాస్త అటూ ఇటూగా ఒక కిలో. వెన్న తీసినచోట పాలు పోసింది కనుక తక్కెడకు తెలియలేదు. పచ్చసొన తీసినచోట పసుపు వేసింది కనుక నా కంటికి తెలియలేదు.

ఆ కిలో ఎక్కడికీ పోలేదు. ఆరు వారాలుగా స్టాఫ్‌రూములో కేరేజీ విప్పి, కమ్మటి నేతి అన్నం, మిరియాలు చల్లిన పచ్చసొన వేపుడూ ఎక్కడివని ఒక్కసారీ అడక్కుండా లొట్టలేసుకుంటూ తిన్నది నేనే. పక్క టీచరుకు ఒక ముద్ద కూడా పెట్టలేదు. చెల్లెలి ఒంటికి చేరాల్సింది నా నడుం చుట్టూ చేరింది. నా మీద నాకు పుట్టినంత రోత ఏ సంచిని చూసీ పుట్టలేదు.

కానీ ఆ రోతను నేను మోయలేదు, పిన్ని మీద కుమ్మరించాను.

"నీ పత్తెం పాడుగాను! నీ వల్ల అది ఇంకో నెల ఆ సంచి మొయ్యాలి, తెలుసా? సదువు నేని మనిసికి అప్పసెప్పినాను సూడు, నాది బుద్ధి తక్కువ!"

పిన్ని పొయ్యి ఆపింది. చేతులు కడుక్కుంది. "సదువు నేదు నిజిమే," అంది నెమ్మదిగా. "నెల సంచి మొయ్యాలంటన్నావు. నువ్వు మోత్తన్నావేటి? కడుగుతున్నది నాను కదే."

మర్నాడు ఆదివారం పొద్దున్నే బట్టలు సర్దుకుని పాత్రపూర్ బస్సెక్కేసింది. నేను గుమ్మం దాకా కూడా వెళ్లలేదు. పోతే పోయింది, మంచిదే అనుకున్నాను. తక్కెడ తీసి, పావుకిలో మైదా, పావుకిలో చక్కెర, పావుకిలో వెన్న, నాలుగు గుడ్లు పచ్చసొనలతో సహా వేసి కేకు పెట్టాను. ఇల్లంతా వెన్న వాసన కమ్మగా నిండింది. ముక్క కోసి, మూడు వందల తొంభై అయిదు, ఈసారి నిజంగా, పళ్లెంలో పెట్టుకుని చెల్లెలి గదిలోకి వెళ్లాను.

కమ్మటి వాసన గుమ్మం దగ్గరే ఆగిపోయింది. సంచి అంచు ఊడిపోయి కారుతోంది. నైటీ, దుప్పటి, పరుపు, దాని చేతి వేళ్లు. చెల్లెలు కళ్లు మూసుకుని, ఏడుపు ఆపుకుంటూ, "పిన్ని లేదా అక్కా?" అంది.

"ఎల్లిపోయింది."

"తిట్టావా?"

"తిట్టకపోతే? నీ కేకులో సగం వెన్న దొంగిలించింది."

"నాకు తెలుసు."

"ఏం తెలుసే?" అన్నాను.

"మొదటి వారమే తెలిసింది," అంది చెల్లెలు. "నువ్వు చేసిన కేకు నోట్లో కరిగేది. పిన్నిది రబ్బరులా సాగేది. పసుపు వాసన కూడా. అన్నీ తెలిసే తిన్నాను."

"మరి నాకెందుకు చెప్పలేదే?"

"చెబితే నువ్వు తిడతావు. పిన్ని ఎల్లిపోద్ది. అప్పుడు ఇది ఎవరు మారుస్తారక్కా? నువ్వా?"

కోపంగా అనలేదు. నిజంగా అడిగింది. జవాబు దానికి ముందే తెలుసు కాబట్టి, ముక్కకు వంద తక్కువైనా పర్వాలేదని, నెల ఆలస్యమైనా పర్వాలేదని, ముక్కు చిట్లించని మనిషి పక్కనుంటే చాలని నిర్ణయించుకుంది. నా కాగితంలో ఈ అంకెకు చోటు లేదు. నా చెల్లెలు తన అక్క రోతను ముందే లెక్కగట్టి, దాని చుట్టూ సర్దుకుని బతికింది. సిగ్గుతో నా ముఖం కాలిపోయింది.

పళ్లెం కిటికీలో పెట్టాను. గోరువెచ్చని నీళ్లు తెచ్చాను, దూది తెచ్చాను. తడి దూదితో అంచు మెల్లగా ఊడదీస్తుండగానే డోకు వచ్చింది. బాత్రూములోకి వెళ్లి కక్కి, నోరు పుక్కిలించి, మళ్లీ వచ్చాను. ఆ ఎర్రటి పేగును దగ్గరగా చూశాను. చూస్తుండగానే అది కాస్త కదిలి ఇంకొంచెం వదిలింది, నా వేళ్ల మీద. వెచ్చగా. మళ్లీ బాత్రూముకు పరుగు.

"ముక్కు మూసుకో అక్కా, నేనేటీ అనుకోను," అంది చెల్లెలు.

"నోరు ముయ్యి," అన్నాను. నాకు ఏడుపు వస్తోంది.

చుట్టూ చర్మం కడిగాను, అద్ది ఆరబెట్టాను. కొత్త సంచికి రంధ్రం సరిగ్గా కొలిచి కత్తిరించాలి. పెద్దదైతే చర్మం ఒరుస్తుంది, చిన్నదైతే పేగును నొక్కుతుంది. కొలవడం నాకు వచ్చిన పనే. మొదటిది పాడుచేశాను, రెండోది అతికింది. అరచేతితో నొక్కి పట్టుకుని కాసేపు కూర్చున్నాను, అంటుకోవడానికి వెచ్చదనం కావాలన్నారు. నా అరచేతి కింద దాని పొట్ట ఊపిరితో లేచి పడుతోంది. ఆపరేషన్ అయినప్పటి నుంచి నేను దాన్ని అక్కడ ముట్టుకోవడం అదే మొదటిసారి.

దుప్పట్లు నానబెట్టి పిన్నికి ఫోన్ చేశాను.

"పిన్నీ, తప్పయిపోయింది. రా."

"మార్సినావేటి?" అంది.

"మార్సినాను."

"కక్కినావా?"

"రెండుసార్లు."

పిన్ని గొంతు మెత్తబడింది. "వత్తాను. కానీ ఆ పచ్చసొన నా సేత్తో ఎయ్యను. సీము పడితే ఆ పాపం నాకొద్దు. గుడ్లు నువ్వే కొట్టుకో. ఆ సంచి కూడా రోజు ఇడిసి రోజు నువ్వే మార్సు."

"రోజు ఇడిసి రోజు అక్కర్లేదు పిన్నీ, మూడు రోజులకోసారి."

"లెక్కలు సెప్పకు. ఒప్పుకుంటావా, నేదా?"

ఒప్పుకున్నాను. ఆ నెలంతా గుడ్లు నేను కొట్టాను, వెన్న నేను తూచాను. పిన్ని పొయ్యి దగ్గర నిలబడి ప్రతి పచ్చసొనకూ ఒకసారి దేవుడికి దండం పెట్టుకునేది. కుట్లు చీము పట్టలేదు. పట్టకపోవడానికి తన పసుపే కారణమని ఇప్పటికీ అంటుంది. నెల తిరిగేసరికి చెల్లెలు నలభై నాలుగుకు వచ్చింది. డాక్టరు రక్తం చూసి తలాడించి తారీఖు ఇచ్చాడు.

ఆపరేషన్‌కు ముందు రోజు సంచి చివరిసారి మార్చింది నేనే. అలవాటైపోతుందని అందరూ అన్నారు. అవ్వలేదు. ఆ రోజు కూడా పళ్లు బిగబట్టి అంచు నొక్కుతుంటే చెల్లెలు కళ్లు తెరిచి, నా చేతుల్నీ నా ముఖాన్నీ చూస్తూ ఉంది.

"ఇంకా రోతేనా అక్కా?" అంది.

"రోతే," అన్నాను.

దానికి నవ్వొచ్చింది. నవ్వితే పొట్ట కదిలిపోతుందని దాన్ని కసిరాను. చెయ్యి తీయకుండా ఇంకాస్త గట్టిగా నొక్కి పట్టుకున్నాను.